సోలార్ వేణ్ణీళ్ళు ఒంటికి తగిన వేడికి వాటంతటవే కలిసేదెలా: సెమిలిగుడ ఇంటికి మిక్సింగ్ వాల్వ్

ప్రశ్న: మాది సెమిలిగుడ. మేడ మీద 200 లీటర్ల గాజు ట్యూబుల సోలార్ హీటర్ ఉంది. మధ్యాహ్నానికి నీళ్ళు పొగలు కక్కుతాయి. నాన్నకి షుగర్, పాదాలకి స్పర్శ తగ్గింది. పోయిన నెల స్నానం చేస్తుంటే కాలి మీద బొబ్బలు లేచాయి, ఆయనకి తెలియను కూడా తెలియలేదు. ఇంట్లో మూడేళ్ళ పాప ఉంది. జయపురం షాపులో థర్మోస్టాటిక్ మిక్సింగ్ వాల్వ్ పెట్టించుకోమన్నారు. అది నిజంగా పనిచేస్తుందా? ఎక్కడ పెట్టాలి? హీటర్ వేడే తగ్గించుకుంటే చాలదా?

జవాబు: పనిచేస్తుంది. అయితే మీ ఇంట్లో నీళ్ళు మోటారు ఒత్తిడితో కాకుండా మేడ మీది ట్యాంకు నుంచి వాటి బరువుకే దిగుతాయి కాబట్టి, షాపువాళ్ళు చేతికిచ్చిన ప్రతి వాల్వూ సరిపోదు. కోరాపుట్, రాయగడ వైపు సోలార్ లైన్లు వేయించే పని చాలా ఏళ్ళుగా చూస్తున్నాను. ఈ వాల్వ్ పెట్టించుకుని "దండగైంది" అన్న ఇళ్ళలో దాదాపు ప్రతిచోటా వాల్వ్ బాగానే ఉంది, ఎంపికో బిగింపో తప్పు.

ముందు మీ చివరి ప్రశ్న. కరెంటు గీజర్‌కి థర్మోస్టాట్ ఉంటుంది, తిప్పి తగ్గించుకోవచ్చు. సోలార్‌కి అలాంటిది ఉండదు. ఎండ ఉన్నంతసేపూ ట్యూబుల్లో నీళ్ళు వేడెక్కి పైకి వెళ్తూనే ఉంటాయి, ఆపే చెయ్యి లేదు. ఊరెళ్ళి రెండు రోజులు వాడకపోతే గాజు ట్యూబుల ట్యాంకు 80 డిగ్రీలు దాటడం మామూలే. మీ ట్యాంకులో బ్యాకప్ హీటర్ రాడ్ ఉంటే దాని థర్మోస్టాట్ మబ్బు రోజుల సంగతి మాత్రమే చూస్తుంది, ఎండ రోజున దానికి పనే లేదు. పైగా దాన్ని మరీ తగ్గించి 45 దగ్గర పెట్టడం కూడా మంచిది కాదు. లెజియొనెల్లా అనే బాక్టీరియా 20 నుంచి 45 డిగ్రీల మధ్య గోరువెచ్చని నీళ్ళలో పెరుగుతుంది. ఆ నీటి తుంపరలు ఊపిరితిత్తుల్లోకి వెళ్తే న్యుమోనియా రావచ్చు, మీ నాన్నగారి లాంటివాళ్ళకి ఆ ముప్పు ఇంకా ఎక్కువ. ట్యాంకులో 60 ఉండాలి, ఒంటి మీద పడేటప్పుడు 43 దాటకూడదు. ఈ రెండూ ఒకేసారి కుదరాలంటే మధ్యలో ఎవరో ఒకరు నీళ్ళు కలపాలి. ఆ పని చేసేదే ఈ వాల్వ్.

60 డిగ్రీల నీళ్ళు తగిలితే పెద్దవాళ్ళ చర్మం లోతుగా కాలడానికి సుమారు 5 సెకన్లు చాలు. 55 దగ్గర అర నిమిషం పడుతుంది, 50 దగ్గర కొన్ని నిమిషాలు. 70 దాటితే సెకను చాలు, చెయ్యి వెనక్కి తీసుకునే వ్యవధి కూడా ఉండదు. పిల్లల చర్మం పల్చన, ఇంకా త్వరగా కాలుతుంది. మనకి మంట తెలిసి కాలు లాక్కుంటాం కాబట్టి 55 దగ్గర బతికిపోతాం. స్పర్శ తగ్గిన పాదానికి ఆ హెచ్చరిక రాదు. మీ నాన్నగారికి జరిగింది ఇదే అయ్యుంటుంది, నీళ్ళు మరీ మరుగుతూ ఉండక్కర్లేదు. షుగర్ ఉన్న పాదం మీది బొబ్బ చిన్నదైనా డాక్టరుకి చూపించాల్సిందే. ఇంకెప్పుడైనా కాలితే వెంటనే 20 నిమిషాలు మామూలు చల్లని కుళాయి నీళ్ళ ధార కింద ఉంచండి. టూత్‌పేస్టు, ఇంకు, ఐసు వద్దు.

ఇప్పుడు మామూలు మిక్సర్‌తో వచ్చే చిక్కు ఏమిటో మీ ఇంటి లెక్కతోనే చూద్దాం. డిసెంబరులో మీ ట్యాంకులో చన్నీళ్ళు 15 డిగ్రీలు, సోలార్‌లో 75 అనుకోండి. కలిసిన నీళ్ళు 40 ఉండాలంటే వేణ్ణీళ్ళ వాటా ఎంతో ఇలా తేలుతుంది:

```
వేడి వాటా = (కావలసింది − చల్ల) ÷ (వేడి − చల్ల)
         = (40 − 15) ÷ (75 − 15) = 25 ÷ 60 = 0.42
```

అంటే నిమిషానికి 5 లీటర్ల వేణ్ణీళ్ళకి 7 లీటర్ల చన్నీళ్ళు. మీరు రెండు పిడులూ ఆ లెక్కకి సరిచేసి పెట్టారు, హాయిగా ఉంది. ఇంతలో ఎవరో టాయిలెట్ ఫ్లష్ నొక్కారు. సిస్టర్న్ నిండటానికి అదే చన్నీళ్ళ పైపు నుంచి నీళ్ళు లాగింది, మీకు వచ్చేది 7 నుంచి 3.5 కి పడింది. వేణ్ణీళ్ళు మాత్రం తగ్గలేదు. ఇప్పుడు కలిసిన నీళ్ళ వేడి లెక్క కడితే 50 డిగ్రీలు. పిడిని ఎవరూ ముట్టుకోలేదు, అయినా పది డిగ్రీలు పెరిగింది. చన్నీళ్ళ పైపులో గాలి పట్టి ధార ఆగిపోతే నేరుగా 75 వచ్చి పడుతుంది.

మే నెలలో ఇదే ఇంకో రకంగా వస్తుంది. ఎండకి మేడ మీది ట్యాంకులో చన్నీళ్ళే 35 దాకా వెళ్తాయి, సోలార్ 80. డిసెంబరులో అలవాటైన చోటే పిడి పెడితే కలిసిన నీళ్ళు దాదాపు 54 డిగ్రీలు. "రోజూ పెట్టే చోటే పెట్టాను" అని పెద్దవాళ్ళు చెప్పేది అబద్ధం కాదు. చెయ్యి అలవాటు ప్రకారమే తిరిగింది, నీళ్ళే మారాయి.

ఇంకో వల కూడా ఉంది. సోలార్ నుంచి బాత్రూమ్ దాకా ఉన్న పైపులో రాత్రంతా నిలిచిన నీళ్ళు చల్లారి ఉంటాయి. వేడి పిడి మొత్తం తిప్పితే ముందు చాలాసేపు చల్లగానే వస్తుంది. కాలు ధార కింద పెట్టి చూస్తూ ఉంటారు, ఒక్కసారిగా అసలు వేడి వచ్చి పడుతుంది. స్పర్శ లేని కాలితో వేడి చూడటం మీ ఇంట్లో ఈ రోజు నుంచే మానిపించండి, మోచేత్తో చూడమనండి.

ఇక వాల్వ్ లోపల ఏముంటుందంటే, ప్రాణమంతా ఒక చిన్న రాగి గొట్టంలో ఉంటుంది. దానిలో ఒక రకం మైనం నింపి మూసేస్తారు. కలిసిన నీళ్ళు ఆ గొట్టాన్ని తడుపుతూ బయటికి వెళ్తాయి. నీళ్ళు కాస్త వేడెక్కితే మైనం ఉబ్బి ఒక పుల్లని తోస్తుంది, ఆ పుల్ల ఒక బిళ్ళని జరుపుతుంది. బిళ్ళ వేణ్ణీళ్ళ దారిని మూస్తూ, అదే కదలికతో చన్నీళ్ళ దారిని తెరుస్తుంది. నీళ్ళు చల్లబడితే మైనం ముడుచుకుంటుంది, స్ప్రింగ్ బిళ్ళని వెనక్కి తోస్తుంది. పైనున్న నాబ్‌తో మీరు మార్చేది ఆ బిళ్ళ ఎక్కడ నిలబడాలన్నదే. కరెంటు అక్కర్లేదు. ఫ్లష్ నొక్కి చన్నీళ్ళు సగమైతే ఒకటి రెండు సెకన్లలో వేణ్ణీళ్ళ దారి కూడా ఆ మేరకు మూసుకుంటుంది, ధార సన్నబడుతుంది కానీ వేడి మారదు. చన్నీళ్ళు పూర్తిగా ఆగితే వేణ్ణీళ్ళూ ఆగిపోవాలి. డబ్బు పెట్టేది ముఖ్యంగా ఈ చివరి గుణానికే.

షాపులో ఒక్క పిడితో తిరిగే సింగిల్ లీవర్ మిక్సర్‌ని, డైవర్టర్‌ని కూడా "థర్మోస్టాటిక్కే సార్" అని చేతిలో పెట్టేస్తుంటారు. వాటిలో మైనం ఉండదు. అసలు వాల్వ్ ఇత్తడి బాడీతో ఇంగ్లిషు టీ అక్షరం ఆకారంలో ఉండి, మూడు నోళ్ళ దగ్గర హెచ్, సి, మిక్స్ అని పోత పోసి ఉంటుంది. నడిమిన మూతతో కూడిన నాబ్ ఉంటుంది, సెట్ చేశాక దాన్ని లాక్ చేయవచ్చు. గోడ మీద అంకెల డయల్, 38 దగ్గర ఎర్ర బటన్ ఉన్న థర్మోస్టాటిక్ షవర్లు కూడా నిజమైనవే. కానీ ఆ బటన్ నొక్కితే 38 దాటి తిరుగుతుంది, మీ పాప దానితో ఆడుకోవడం ఖాయం. నేనైతే లాక్ ఉన్నది కొంటాను.

మన ఇళ్ళలో ఎక్కువగా తప్పు జరిగేది ఒత్తిడి దగ్గర. ఈ వాల్వ్‌లు చాలావరకు పంపు ఒత్తిడితో నీళ్ళు వచ్చే ఊళ్ళ కోసం తయారైనవి. యూరప్‌లో వీటికి రెండు వేర్వేరు ప్రమాణాలు ఉన్నాయి. ఎక్కువ ఒత్తిడి లైన్లకి ఈఎన్ 1111, తక్కువ ఒత్తిడికి ఈఎన్ 1287. మొదటిది సుమారు అర బార్ నుంచి, రెండోది 0.1 బార్ నుంచే పనిచేసేలా చేస్తారు. నీళ్ళ మట్టం ఒక మీటరు ఎత్తు ఉంటే 0.1 బార్. మీది ఒక్క అంతస్తు ఇల్లయితే స్లాబు మీద ఇంకో రెండు మీటర్ల ఎత్తులో ట్యాంకు ఉంటుంది, లేకపోతే సోలార్‌లోకి నీళ్ళు ఎక్కవు. అంటే బకెట్ కుళాయి దగ్గరికి వచ్చేసరికి నాలుగు మీటర్ల పైచిలుకు, 0.4 బార్. అందులో పైపులు, మలుపులు, కుళాయిలు సగానికి పైగా తినేస్తాయి. వాల్వ్ వాటాకి మీటరు ఎత్తు ఒత్తిడి మిగిలిందనుకుందాం.

వాల్వ్ కాగితంలో కేవీ అని ఒక అంకె ఉంటుంది. ఒక బార్ ఒత్తిడి వాల్వ్‌లో ఖర్చయితే గంటకి ఎన్ని ఘనపు మీటర్ల నీళ్ళు పోతాయో అది చెబుతుంది. కేవీ 1.5 ఉన్న వాల్వ్‌లో 0.1 బార్‌కి ఎంత వస్తుందంటే:

```
1.5 × √0.1 = 0.47 ఘ.మీ./గంట ≈ నిమిషానికి 8 లీటర్లు
```

15 లీటర్ల బకెట్ రెండు నిమిషాల్లో నిండుతుంది, బకెట్ స్నానానికి ఇది చాలు. తలమీది షవర్ ఇంకా ఎత్తులో ఉంటుంది కాబట్టి దానికి ధార సన్నగానే వస్తుంది, ముందే అనుకోండి. కాగితం మీద కనీస ఒత్తిడి 1 బార్ అని ఉన్న వాల్వ్ తెచ్చారా, అది పాడవ్వక్కర్లేదు, మీ ఇంట్లో పనే చేయదు. కాగితం చూపించని షాపులో కొనకండి.

ధార పెంచడానికి చన్నీళ్ళకి మాత్రం ప్రెషర్ పంపు పెట్టాలనే ఆలోచన వస్తుంది. వద్దు. చన్నీళ్ళ వైపు ఒత్తిడి బాగా ఎక్కువైతే వేణ్ణీళ్ళు వాల్వ్‌లోకి రాలేవు, ఎంత తిప్పినా చల్లగానే వస్తుంది. రాయగడలో ఒక హాస్టల్‌లో సోలార్ ట్యాంకు గాలి గొట్టంలోంచి నీళ్ళు కారిపోతున్నాయని పిలిచారు. ట్యాంకు మార్చాలని అప్పటికే ఎవరో చెప్పి వెళ్ళారట. ట్యాంకు బాగానే ఉంది. చన్నీళ్ళకి పంపు పెట్టారు, మిక్సర్ల దగ్గర నీళ్ళని ఒక్క వైపుకే పోనిచ్చే నాన్ రిటర్న్ వాల్వ్‌లు లేవు. పంపు చన్నీళ్ళని మిక్సర్ గుండా వేణ్ణీళ్ళ పైపులోకి తోసి, సోలార్ ట్యాంకు దాకా ఎక్కిస్తోంది. మీ మేడ మీద కూడా ఆ గొట్టం ఊరికే కారుతుంటే ముందు ఇదే అనుమానించండి. మీ ఇంట్లో సోలార్‌కీ, బాత్రూమ్ చన్నీళ్ళకీ ఒకే ట్యాంకు నుంచి నీళ్ళు వస్తున్నాయో లేదో కూడా చూడండి. ఒకే ట్యాంకైతే రెండు వైపులా ఒత్తిడి సమానంగా ఉంటుంది, ట్యాంకు ఖాళీ అయినా రెండూ దాదాపు కలిసే ఆగుతాయి. చన్నీళ్ళు నేరుగా బోరు మోటారు నుంచో మున్సిపాలిటీ పైపు నుంచో వస్తుంటే, ముందు ఆ లైనుని ట్యాంకుకి మార్పించి తర్వాత వాల్వ్ కొనండి.

ఎక్కడ పెట్టాలంటే, నాన్నగారి బాత్రూమ్‌లోనే, వాల్ మిక్సర్‌కి ముందు. మేడ మీద సోలార్ పక్కనే ఒకటి పెడితే ఇల్లంతటికీ సరిపోతుందని ప్లంబర్ అంటాడు. అక్కడ ట్యాంకు మట్టం వాల్వ్‌కి పైన మీటరో మీటరున్నరో ఉంటుంది, ఒత్తిడి చాలదు. పైగా అక్కడి నుంచి కింద దాకా పైపు నిండా గోరువెచ్చని నీళ్ళు నిలుస్తాయి, ముందు చెప్పిన బాక్టీరియాకి కావలసింది అదే. వాల్వ్ తర్వాత పైపు రెండు మీటర్లు మించకుండా చూసుకోండి. వంటింట్లో గిన్నెలకి వేడి నీళ్ళు మామూలుగా వెళ్ళనివ్వండి, కానీ ఆ కుళాయి పాపకి అందకూడదు.

వాల్వ్ మిక్స్ నోటిని వాల్ మిక్సర్ వేడి వైపుకి కలిపించండి, చల్ల వైపు ఇప్పుడున్నట్టే ఉంచండి. దాంతో వేడి పిడి మొత్తం తిప్పినా 43 కి మించి రాదు, ఇంకా చల్లగా కావాలంటే అలవాటైన పద్ధతిలోనే కలుపుకుంటారు. బకెట్ నింపే కుళాయి కూడా ఈ మిక్సర్‌దే అయి ఉండాలి. పక్కన విడిగా వేణ్ణీళ్ళ కుళాయి ఉంటే డమ్మీ వేసి మూయించేయండి. మనవాళ్ళ స్నానం బకెట్‌తోనే. షవర్‌కి వాల్వ్ పెట్టి బకెట్ కుళాయిని వదిలేసిన ఇళ్ళు చూశాను, డబ్బు పెట్టారు కానీ ముప్పు అలాగే ఉంది.

బిగించే ముందు రెండు పైపుల్లోనూ కాసేపు నీళ్ళు వదిలేయమనండి, సీపీవీసీ కోసిన పొట్టు, పాత జీఐ తుప్పు అంతా పోవాలి. రెండు నోళ్ళకీ ముందు ఒక్కో యాంగిల్ కాక్, ఒక్కో జల్లెడ, ఒక్కో నాన్ రిటర్న్ వాల్వ్ ఉండాలి. కొన్ని వాల్వ్‌లలో జల్లెడ, నాన్ రిటర్న్ లోపలే ఉంటాయి. విడిగా కొంటే గట్టి స్ప్రింగ్ ఉన్నవి మీ తక్కువ ఒత్తిడికి తెరుచుకోవు, తేలిగ్గా తెరుచుకునేవి అడగండి. హెచ్ నోటికి వేణ్ణీళ్ళు, సి నోటికి చన్నీళ్ళు తగిలించారో లేదో మీరే చూడండి. తిరగేసి బిగిస్తే వేడి పెరిగే కొద్దీ వాల్వ్ చన్నీళ్ళనే మూస్తుంది.

సెట్ చేయడానికి ఎండ బాగా ఉన్న రోజు మధ్యాహ్నం ఎంచుకోండి, సోలార్ 60 పైన ఉండాలి. చేత్తో చూసి "చాల్లే" అనే ప్లంబర్ మాట వినకండి, వంటలకి వాడే పుల్ల లాంటి డిజిటల్ థర్మామీటర్ కొనండి. వేడి పిడి మొత్తం తెరిచి, నిమిషం పోయాక మగ్గులో పట్టి చూడండి. 43 వచ్చేదాకా నాబ్ కొంచెం కొంచెంగా తిప్పండి, ప్రతిసారీ కాసేపు ఆగండి. బ్రిటన్ ఆసుపత్రుల్లో షవర్‌కి 41, స్నానపు తొట్టికి 44 గరిష్ఠం. బకెట్‌లో పట్టి మగ్గుతో పోసుకునే లోపు మీ ఊరి చలికి ఒకటి రెండు డిగ్రీలు పోతాయి కాబట్టి 43 అంటున్నాను. పాపకి స్నానం చేయించేటప్పుడు ఇంకొన్ని చన్నీళ్ళు కలిపి 37, 38 దగ్గర ఉంచండి.

తర్వాత అసలు పరీక్ష. నీళ్ళు పారుతుండగా వాల్వ్‌కి వెళ్ళే చన్నీళ్ళ యాంగిల్ కాక్ మూసేయండి. కొన్ని సెకన్లలో ధార ఆగిపోవాలి, లేదా చుక్కలుగా మారాలి. వేణ్ణీళ్ళు ధారగా వస్తూనే ఉంటే ఆ వాల్వ్‌ని వాపసు ఇవ్వండి, ప్లంబర్ ఎంత సర్దిచెప్పినా సరే. మళ్ళీ కాక్ తెరిస్తే పాత 43 కి అటూ ఇటూ రెండు డిగ్రీల లోపు రావాలి. ఇదంతా అయ్యాకే లాక్ చేసి మూత పెట్టించండి.

వానాకాలంలో మీరు నాకు మళ్ళీ రాస్తారు, "వాల్వ్ పోయింది, గోరువెచ్చగానే వస్తోంది" అని. మీ కొండల మీద రోజుల తరబడి మబ్బు పట్టినప్పుడు సోలార్‌లోనే 38 ఉంటుంది. ఈ వాల్వ్ నీళ్ళని వేడి చేయదు, ఉన్నదాన్ని మించనివ్వదు, అంతే. ముందు వంటింటి వేణ్ణీళ్ళ కుళాయి దగ్గర థర్మామీటర్ పెట్టి చూడండి. అక్కడే తక్కువుంటే బ్యాకప్ రాడ్ వేయండి, 60 దగ్గర పెట్టండి. ఇంకో సంగతి, వచ్చే వేణ్ణీళ్ళు సెట్ చేసిన దానికంటే కనీసం పది పదిహేను డిగ్రీలు ఎక్కువ ఉంటేనే చన్నీళ్ళు ఆగినప్పుడు వాల్వ్ గట్టిగా మూసుకుంటుంది. సోలార్ 50 ఉన్న రోజు ఆ పరీక్ష చేస్తే కాస్త ధార వస్తూనే ఉండొచ్చు, దాన్ని చూసి కంగారుపడకండి.

నిజంగా పాడైన వాల్వ్ వేరేలా కనబడుతుంది. సోలార్ బాగా వేడిగా ఉన్నా ధార సన్నబడిందంటే జల్లెడలో మట్టి. చన్నీళ్ళ కుళాయి తిప్పితే మొదట వెచ్చగా వస్తోందంటే నాన్ రిటర్న్ వాల్వ్ కారుతోంది. ఎవరూ ముట్టుకోకుండానే 43 నెలల తరబడి 45, 47 గా పెరుగుతుంటే, లేదా చన్నీళ్ళు మూసే పరీక్షలో వేణ్ణీళ్ళు ఆగకపోతే, మైనం గొట్టం, బిళ్ళ ఉండే లోపలి కార్ట్రిడ్జ్‌కి తెల్లటి ఉప్పు పేరుకుని బిళ్ళ ఇరుక్కుంటోందన్నమాట. బోరు నీళ్ళ ఇళ్ళలో ఇది త్వరగా వస్తుంది. జల్లెడలు కడిగి, కార్ట్రిడ్జ్ తీసి వెనిగర్‌లో కాసేపు నానబెట్టి కడిగితే చాలాసార్లు బాగవుతుంది, కాకపోతే కార్ట్రిడ్జ్ ఒక్కటే మార్చుకోవచ్చు. అది విడిగా దొరికే రకమేనా అని కొనేటప్పుడే అడగండి. చన్నీళ్ళు మూసే పరీక్ష ఆరు నెలలకోసారి మీరే చేయొచ్చు, చలి మొదలయ్యే ముందు ఒకసారి, ఎండలు ముదిరే ముందు ఒకసారి.

వాల్వ్ వచ్చేదాకా ఆ బాత్రూమ్ వేణ్ణీళ్ళ యాంగిల్ కాక్ మూసి ఉంచి, నాన్నగారి బకెట్ మీలో ఎవరైనా నింపి ఇవ్వండి. ముందు చన్నీళ్ళు, ఆ తర్వాత వేణ్ణీళ్ళు, కలియబెట్టి థర్మామీటర్‌తో చూశాకే బకెట్ లోపలికి వెళ్ళాలి.